ఎంసీబీ పడలేదు, బోర్డు మాత్రం అంటుకుంది

ఆఫీసు ప్యాంట్రీలో ఎక్స్‌టెన్షన్ బోర్డు కాలిందంటే అందరూ ముందుగా అడిగేది ఒకటే: "మరి ఎంసీబీ ఎందుకు పడలేదు?" లోడు ఎక్కువైతే అది పడిపోయి కరెంటు ఆపేయాలి కదా, పడలేదంటే పాడైపోయి ఉంటుందని అనుకుంటారు. చాలాసార్లు ఎంసీబీలో ఏ లోపమూ ఉండదు. గోడలోపల ఉన్న వైరు హద్దు మీరి వేడెక్కకుండా చూడటం దాని పని. ఆ పని అది చేస్తూనే ఉంటుంది. ప్లగ్గుకి ఇవతల మనం తగిలించిన బోర్డు ఎంత కరెంటు తట్టుకోగలదో మాత్రం దానికి తెలిసే వీలు లేదు.

ఇది ఎలక్ట్రీషియన్లకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఎంసీబీ పడలేదంటే, కాలుతున్న ఆ బోర్డులో కరెంటు ఇంకా పారుతోందన్నమాట. ఏ ఎక్స్‌టింగ్విషర్ అందుకోవాలి, ఆరిన మంట మళ్లీ ఎందుకు లేస్తుంది, ఎప్పుడు వదిలేసి బయటికి నడవాలి అన్నవన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

లెక్క ఎక్కడ తప్పుతుంది

ఒక ప్యాంట్రీని ఊహించుకుని లెక్క వేద్దాం. సరఫరా 230 వోల్టులు. కౌంటరు దగ్గర చేతికందేలా ఒకే ఒక్క పెద్ద సాకెట్ ఉంది. దానికి ఆరు సాకెట్లున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించారు. బోర్డు వెనక 10 ఆంపియర్లు అని రాసి ఉంది. ప్యాంట్రీ లైనుకి డీబీలో, అంటే కరెంటు లైన్లు విడిపోయే పెట్టెలో, ఉన్నది 20 ఆంపియర్ల ఎంసీబీ.

బోర్డుకి నాలుగు వస్తువులున్నాయి. కెటిల్ 2000 వాట్లు, కాఫీ మెషీన్ 1400 వాట్లు, చిన్న ఫ్రిజ్ దాదాపు 150 వాట్లు. నాలుగోది మైక్రోవేవ్. దాని తలుపు మీద 900 వాట్లని రాసి ఉంటుంది కానీ, అది లోపల పెట్టిన పదార్థానికి అందే శక్తి. గోడ నుంచి తీసుకునేది ఇంకా ఎక్కువ, సుమారు 1400 వాట్లు. లెక్కల్లో తరచూ జరిగే పొరపాటు ఇదే. అసలు అంకె మైక్రోవేవ్ వెనక ఉన్న ప్లేటు మీద ఉంటుంది.

నాలుగూ ఒకేసారి నడిస్తే 4950 వాట్లు, అంటే 21.5 ఆంపియర్లు. 10 ఆంపియర్ల బోర్డు మీద రెట్టింపు కంటే ఎక్కువ. ఇప్పుడు ఎంసీబీ వైపు నుంచి చూడండి. ఇళ్లలో, ఆఫీసుల్లో వాడే ఎంసీబీలకు వర్తించే ఐఈసీ 60898 ప్రమాణం ప్రకారం, దాని మీద రాసి ఉన్న కరెంటుకి 1.13 రెట్ల వరకు గంటసేపు పారినా ఎంసీబీ పడకూడదు. 1.45 రెట్లు పారితే గంటలోపు పడి తీరాలి. 20 ఆంపియర్ల ఎంసీబీకి ఆ హద్దులు 22.6, 29 ఆంపియర్లు. మన ప్యాంట్రీలో పారుతున్నది 21.5. ఎంసీబీ చూపులో అంతా సవ్యంగానే ఉంది.

ఆర్‌సీసీబీ ఉందిగా అని కొందరు ధైర్యంగా ఉంటారు. అది వెళ్లిన కరెంటు అంతా తిరిగి వస్తోందా లేదా అని మాత్రమే చూస్తుంది. మధ్యలో ఎక్కడైనా భూమిలోకో మనిషిలోకో లీకైతేనే పడుతుంది. ఓవర్‌లోడులో లీకేజీ ఏమీ ఉండదు కాబట్టి అదీ కదలదు. కొన్ని బోర్డుల్లో సొంత ఫ్యూజో, లోడు ఎక్కువైతే బయటికి పొడుచుకొచ్చే చిన్న బటనో ఉంటాయి. ఆ పరిస్థితిలో బోర్డుని కాపాడేవి అవే. అవి లేని బోర్డులు బోలెడు ఉన్నాయి. ఆరు సాకెట్లున్నాయంటే ఆరు ప్లగ్గులు పడతాయని మాత్రమే అర్థం. ఆరింటి బరువు మోయగలదని కాదు.

ఇదే బోర్డు ఇంట్లో ఏళ్ల తరబడి బతికేయవచ్చు. ఇంట్లో కెటిల్ మూడు నాలుగు నిమిషాలు నడిచి ఆగుతుంది, మళ్లీ సాయంత్రానికి గానీ ఎవరూ ముట్టుకోరు. ఆఫీసులో విరామం సమయానికి పదిమంది ఒకేసారి వస్తారు. ఒకరి నీళ్లు మరిగేలోపు ఇంకొకరు మైక్రోవేవ్ ఆన్ చేస్తారు, కాఫీ మెషీన్ ముందు వరుస ఉంటుంది. చల్లారే వ్యవధి బోర్డుకి దొరకదు.

కాలేది వైరు కంటే ముందు, కీలు దగ్గర

ఓవర్‌లోడు అనగానే వైరు మొత్తం ఎర్రగా కాలిపోతుందని ఊహిస్తాం. అసలు మంట సాధారణంగా ఒకే ఒక్క చోట మొదలవుతుంది: లోహం లోహాన్ని తాకే చోట, అంటే కీలు దగ్గర. ప్లగ్ పిన్నుని సాకెట్ లోపలి స్ప్రింగ్ పట్టుకునే చోటో, బోర్డు వైరు లోపలి రాగి పట్టీకి అతికే చోటో. నాలుగు వస్తువుల కరెంటూ కలిసి పారేది బోర్డు సొంత ప్లగ్గులో, ఆ మొదటి అతుకులో. అందుకే బోర్డులో చివరి సాకెట్ బాగానే ఉండి, గోడకి పెట్టిన ప్లగ్ నల్లబడిపోవడం కనిపిస్తుంది.

వేడి లెక్క చాలా చిన్నది:

`P = I² × R`

బిగుతుగా ఉన్న కీలుకి 0.01 ఓమ్ నిరోధం ఉందనుకుందాం. 10 ఆంపియర్లు పారితే అక్కడ పుట్టే వేడి 1 వాటు, ఎవరికీ తెలియదు. 21.5 ఆంపియర్లకు అది 4.6 వాట్లు. ఇదీ పెద్దదేం కాదనిపిస్తుంది, కానీ రోజూ ఆ వేడికి స్ప్రింగ్ పట్టు సడలుతుంది, లోహం మీద ఆక్సైడు పొర పేరుకుంటుంది. నిరోధం పెరుగుతుంది. పెరిగిన నిరోధం ఇంకా వేడిని పుట్టిస్తుంది, ఆ వేడి పట్టుని ఇంకా సడలిస్తుంది. నిరోధం 0.1 ఓమ్‌కి చేరిందంటే అదే కరెంటుకి 46 వాట్లు. ఒక సోల్డరింగ్ ఐరన్ మొనని ప్లాస్టిక్ డబ్బా లోపల పెట్టి మూసేసినట్టే. మామూలు పీవీసీ ఇన్సులేషన్ని 70 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గట్టు తయారుచేస్తారు. అది దాటాక మెత్తబడుతుంది, తర్వాత మాడుతుంది. మాడిన ప్లాస్టిక్ బొగ్గయి తానే కరెంటుకి దారి ఇస్తుంది, అక్కడ ఆర్క్ పుడుతుంది, నిప్పు అంటుకుంటుంది.

ఈ వరుసలో గమనించాల్సింది, పాడైన కీలు ఓవర్‌లోడు తీసేసినా బాగుపడదు. నెలల తరబడి నలిగిన బోర్డు, ఒక్క కెటిల్ మాత్రమే నడుస్తున్న రోజున కూడా అంటుకోవచ్చు. "ఇప్పుడు ఒకటే పెట్టాం కదా" అనే మాట పాత బోర్డు విషయంలో భరోసా ఇవ్వదు.

ముందే తెలుసుకునే మార్గాలున్నాయి. కెటిల్ మరిగి ఆగిన వెంటనే, స్విచ్ ఆపి, గోడకి ఉన్న ప్లగ్ వెనక భాగాన్ని తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. పట్టుకుని ఉంచలేనంత వేడిగా ఉంటే ప్లాస్టిక్ పైభాగమే 60 డిగ్రీల దరిదాపుల్లో ఉందన్నమాట, లోపలి లోహం ఇంకా వేడిగా ఉంటుంది. పిన్ను చుట్టూ గోధుమరంగు మచ్చ, ప్లగ్ వదులుగా ఊగడం, సన్నగా చిటపటమనే శబ్దం, ఎవరూ చేపలు తేకపోయినా చేపల వాసన లాంటిది రావడం కూడా అలాంటి గుర్తులే. కొన్ని రకాల ప్లాస్టిక్ వేడెక్కితే వచ్చే వాసన అది. ఎక్కడినుంచో వస్తోందిలే అని కిటికీ తెరిచి ఊరుకోవద్దు.

మొదటి అర నిమిషం

ఇప్పుడు అదే ప్యాంట్రీలో బోర్డు అంటుకుంది. నాలుగో అంతస్తు. కౌంటరు మీద జానెడు మంట, నల్లటి పొగ, పక్కనే టిష్యూ పేపర్ల కట్ట. చూసిన మనిషి ఏం చేయాలి?

మొదట నోరు తెరిచి గట్టిగా "ఫైర్" అని అరవాలి, ఆ వెంటనే దగ్గరున్న అలారం నొక్కాలి లేదా ఎవరితోనైనా నొక్కించాలి. చిన్నదేగా, అందరినీ ఎందుకు కంగారు పెట్టడం అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆర్పాక చెప్పొచ్చులే అనుకుంటారు. ఆ ఆలోచనతో పోయే ఒకటి రెండు నిమిషాలే తర్వాత దొరకవు. ఆర్పే ప్రయత్నం, ఖాళీ చేయడం ఒకదాని తర్వాత ఒకటి చేసేవి కావు. రెండూ ఒకేసారి మొదలవ్వాలి. ఒకరు ఆర్పడానికి ప్రయత్నిస్తుండగా మిగతావాళ్లంతా మెట్ల వైపు కదిలిపోతూ ఉండాలి.

రెండోది కరెంటు. గోడ మీద స్విచ్ మంటకి దూరంగా ఉండి, మంట మీదుగా చెయ్యి చాపకుండా అందితే ఆపేయండి. ప్లగ్ పట్టి లాగే పని పెట్టుకోవద్దు. కరిగిన ప్లాస్టిక్ వెనక కరెంటు ఉన్న లోహం బయటపడి ఉండవచ్చు. స్విచ్ అందకపోతే ఒకరిని డీబీ దగ్గరికి పంపాలి. అక్కడ ఏ ఎంసీబీ ప్యాంట్రీదో రాసి లేకపోతే ఆ అంతస్తు మెయిన్ దించేయడమే. కానీ మెయిన్ దించితే లైట్లు పోతాయి, కాబట్టి మెట్ల దారిలో ఎమర్జెన్సీ లైట్లు పనిచేస్తున్నాయో లేదో ముందే తెలిసి ఉండాలి. డీబీ మీద చేతిరాతతోనైనా సరే "ప్యాంట్రీ" అని రాసి ఉన్న చిన్న కాగితం ఈ క్షణంలో ఎంతో సమయాన్ని మిగులుస్తుంది.

కరెంటు ఆగితే మంటకి వేడిని అందిస్తున్న మూలం ఆగిపోతుంది. పీవీసీ దానంతట అది మండుతూ ఉండేది కాదు కాబట్టి ఒక్కోసారి మంట అక్కడికక్కడే తగ్గిపోతుంది. పక్కనున్న కాగితానికో చెక్క అలమరకో అంటుకుంటే మాత్రం ఆ మంటకి ఇక కరెంటుతో పని లేదు.

చేతిలోకి ఏది తీసుకోవాలి

కరెంటు ఆగిందని ఖాయంగా తెలియనంతవరకు నీళ్లు, తడిగుడ్డ దగ్గరికి రానివ్వకూడదు. సింకు పక్కనే ఉంటుంది కాబట్టి ప్యాంట్రీలో ఈ పొరపాటు చాలా సులువుగా జరుగుతుంది. సిలిండర్ల రంగులు దేశాన్ని బట్టి మారతాయి, అందుకే రంగు చూసి కాకుండా లేబుల్ చదివి తీసుకోవాలి. ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించేవి రెండు: కార్బన్ డయాక్సైడ్, డ్రై పౌడర్.

ప్యాంట్రీ బోర్డు మంటకి నేనైతే ముందు కార్బన్ డయాక్సైడ్‌నే అందుకుంటాను. కరెంటుని ప్రసరింపజేయదు, మరక మిగల్చదు. కొమ్ములా ఉండే నల్లటి గొట్టం దాని గుర్తు. దీనికి ప్రెజర్ చూపించే ముల్లు ఉండదు, నిండుగా ఉందో లేదో తూకం వేసి చూస్తారు. ముల్లు లేదు కాబట్టి ఖాళీ అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది. వాడేటప్పుడు కొమ్ముని చేత్తో పట్టుకోకూడదు. బయటికొచ్చే పదార్థం మైనస్ 78 డిగ్రీల దాకా చల్లగా ఉంటుంది, చర్మం అంటుకుపోతుంది. పిడి పట్టుకోవాలి. నొక్కగానే పెద్ద చప్పుడు వస్తుంది, ఆ చప్పుడుకే కొందరు వదిలేస్తారు. 2 కిలోల సిలిండరు సుమారు 10 సెకన్లలో అయిపోతుంది, మీటరు, మీటరున్నర దూరం నుంచే పనిచేస్తుంది. అంటే అవకాశం ఒక్కసారే. పిన్ను లాగి, గొట్టాన్ని మంట పైకొసల మీదకి కాకుండా బోర్డు మీదకి గురిపెట్టి, పిడి నొక్కి, మెల్లగా ఆ పక్క నుంచి ఈ పక్కకి ఊపాలి. మరీ దగ్గరగా కొడితే ఆ ఊపుకి మండుతున్న టిష్యూలు ఎగిరి అవతల పడతాయి.

దీనికి పెద్ద లోపం ఒకటుంది. మంట చుట్టూ ఆక్సిజన్‌ని తగ్గిస్తుందే గానీ, లోపలి రాగిని పెద్దగా చల్లార్చదు. గ్యాసు చెదిరిపోగానే గాలి తిరిగొస్తుంది. కరెంటు ఇంకా పారుతుంటే అదే కీలు అదే వేడిని పుట్టిస్తూ ఉంటుంది, ఆరిందనుకున్న బోర్డు మళ్లీ లేస్తుంది. పైగా చిన్న గదిలో ఈ గ్యాసు మనం పీల్చే గాలిని కూడా పలచన చేస్తుంది. కొట్టేయగానే వెనక్కి అడుగులేస్తూ గుమ్మం బయటికి వచ్చి, అక్కడి నుంచి చూస్తూ ఉండాలి.

పౌడర్ సిలిండరు మాత్రమే ఉంటే ఆలోచించకుండా అదే వాడండి. దూరం నుంచి పనిచేస్తుంది, కాగితం, చెక్క మంటలకూ పనికొస్తుంది. కానీ కొన్ని సెకన్లలో గదంతా తెల్లటి దుమ్ము కమ్మేస్తుంది, గుమ్మం ఎటుందో కనిపించదు. అందుకే వీపు తలుపు వైపుకే ఉంచి నిలబడాలన్నది ఇక్కడ ఇంకా ముఖ్యం.

ఎప్పుడు వదిలేయాలి

నిర్ణయం సిలిండరు అందుకోకముందే జరగాలి. అలారం మోగిందా, మంట బోర్డు దగ్గరే ఉందా, నా వెనక దారి ఖాళీగా ఉందా, పొగ ఇంకా నా తల కంటే పైనే ఉందా? నాలుగింటికీ అవును అయితేనే ముందుకెళ్లాలి. పైనున్న అలమర అడుగు భాగాన్ని మంట నాకుతుంటే అది ఇక ఒక్క సిలిండరుకి లొంగే మంట కాదు. ఒక సిలిండరు అయిపోయి మంట మిగిలి ఉంటే రెండోదాని కోసం పరుగెత్తకుండా బయటికి నడవాలి.

మంట చిన్నదే అయినా పొగ చిన్నది కాదు. మండే పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, కళ్లనీ గొంతునీ మండించి మనిషిని ఉన్నచోటే కూలబెడుతుంది. దాంతో పాటు వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ కూడా. ఇరుకు గదిలో ఇది పేరుకోవడానికి ఎంతోసేపు పట్టదు.

వదిలి వచ్చేటప్పుడు తలుపు మూయండి, తాళం వేయొద్దు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువమందిని కాపాడే పని ఇదే. దానికి ఏ పరికరమూ అక్కర్లేదు, శిక్షణా అక్కర్లేదు. మూసిన తలుపు మంటకి గాలిని తగ్గిస్తుంది, పొగ కారిడార్‌లోకి రాకుండా ఆపుతుంది, మెట్ల దగ్గరికి వెళ్లేవాళ్లకు సమయాన్నిస్తుంది. ప్యాంట్రీ తలుపు ఎప్పుడూ తెరిచే ఉండాలని కింద చెక్కముక్క దూర్చే ఆఫీసులున్నాయి. ఆ చెక్కముక్కని ఇవాళే తీసేయండి.

బయటికి వెళ్లేది మెట్ల మీదుగానే. కరెంటు పోతే లిఫ్టు మధ్యలో ఆగుతుంది, లిఫ్టు దారిలోకి పొగ కూడా చేరుతుంది. ఫ్లోర్ వార్డెన్ వెళ్తూ వెళ్తూ టాయిలెట్లు, మీటింగ్ గదులు, ఫోన్ మాట్లాడుకునే చిన్న గదులు చూసుకోవాలి. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్లకు అలారం వినపడకపోవచ్చు, భుజం తట్టి చెప్పాల్సిందే. మెట్లు దిగలేనివాళ్లను పొగ రాకుండా కట్టిన రెఫ్యూజ్ ఏరియాలో ఒక మనిషి తోడుతో ఉంచి, ఏ అంతస్తులో ఎక్కడున్నారో కిందకి కబురు చేయాలి. ఎవరు తోడుండాలో అప్పటికప్పుడు తేల్చుకునే విషయం కాదు, ముందే అనుకుని ఉండాలి.

కింద అసెంబ్లీ పాయింట్ దగ్గర పేర్లు పిలిచేటప్పుడు ఆ రోజు వచ్చిన విజిటర్లు, హౌస్‌కీపింగ్ సిబ్బంది పేర్లు జాబితాలో లేకుండా పోతుంటాయి. ప్యాంట్రీ మంట అన్నప్పుడు అక్కడ ఎక్కువసేపు ఉండేది హౌస్‌కీపింగ్ వాళ్లే, ముందు వాళ్ల గురించే అడగాలి. మంట ఆరిపోయిందని తెలిసినా అగ్నిమాపక సిబ్బందిని పిలవాలి. కౌంటరు వెనక, ఫాల్స్ సీలింగ్ పైన నిప్పు కనిపించకుండా రాజుకుంటూ ఉండవచ్చు. వాళ్లు రాగానే చెప్పాల్సినవి: ఏ అంతస్తు, కాలింది ఏమిటి, కరెంటు ఆపారా లేదా, లోపల ఎవరైనా ఉన్నారా. వాళ్లు సరేననేదాకా ఎవరూ పైకి వెళ్లకూడదు, లాప్‌టాప్ కోసమైనా సరే.

తిరిగి తెరిచే ముందు

కొద్దిగా వాడిన సిలిండరుని మళ్లీ గోడకి తగిలించకండి. ముఖ్యంగా పౌడర్ రకంలో వాల్వు దగ్గర పొడి ఇరుక్కుని ప్రెజర్ మెల్లగా కారిపోతుంది. రీఫిల్ చేయించాకే దాని చోటికి చేరాలి. పౌడర్ పడ్డ మైక్రోవేవ్, ఫ్రిజ్ లాంటివి తుడిచి వెంటనే ఆన్ చేయవద్దు, తేమ తగిలితే ఆ పొడి లోహాన్ని తినేస్తుంది.

తర్వాత జరిగే పెద్ద పొరపాటు, కొత్త బోర్డు కొని అదే గోడ సాకెట్‌కి పెట్టడం. కాలిన ప్లగ్‌తో పాటు ఆ సాకెట్ లోపలి స్ప్రింగ్ కూడా ఉడికి పట్టు కోల్పోయి ఉంటుంది. కొత్త ప్లగ్‌ని కూడా అది వదులుగానే పట్టుకుంటుంది. సాకెట్ మార్చి, దాని వెనక వైరు మాడిన మేర కత్తిరించి, మిగతాది బాగుందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించాలి.

ఇక లోడు సంగతి. ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి నాలుగు వస్తువులకూ నాలుగు గోడ సాకెట్లు పెట్టించినా, అవన్నీ ఆ ఒక్క 20 ఆంపియర్ల లైను మీదే ఉంటే మొత్తం మళ్లీ 21.5 ఆంపియర్లే. రెండు లైన్లు కావాలి. ఒకదాని మీద కెటిల్, ఫ్రిజ్ ఉంటే 9.3 ఆంపియర్లు. రెండోదాని మీద కాఫీ మెషీన్, మైక్రోవేవ్ ఉంటే 12.2 ఆంపియర్లు. డీబీలో ఆ రెండు ఎంసీబీల మీదా ప్యాంట్రీ 1, ప్యాంట్రీ 2 అని రాయించండి.